వద్దని మొదటి వాక్యంలోనే రాయండి

ప్రశ్న: నేను కాకినాడలో ఐసీయూ స్టాఫ్ నర్సుని, 31 ఏళ్ళు. ఇంగ్లండ్‌లో ఒక ప్రభుత్వ ఆస్పత్రి నుంచి బ్యాండ్ 5 ఉద్యోగం వచ్చింది. శుక్రవారంలోగా ఆఫర్ మీద సంతకం పెట్టి పంపాలి. నాన్నకి 72 ఏళ్ళు, ఏడాదిన్నరగా సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్. అమ్మకి షుగరు, మోకాళ్ళ నొప్పులు. అన్నయ్య పూణేలో ఉంటాడు. వెళ్ళకూడదని నిర్ణయించుకున్నాను, దాని గురించి సలహా వద్దండీ. కానీ ఏడాదిగా నా వెంటే ఉండి పరీక్ష ఫీజు కూడా కట్టి అన్నీ చేయించిన లండన్ రిక్రూటర్ మేడమ్‌కి ఎలా చెప్పాలో తెలియట్లేదు. నాలుగు రోజులుగా ఆవిడ ఫోన్ చేస్తుంటే నేను ఎత్తట్లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ హైదరాబాద్ ఆఫీసులో ఉన్నాయి. ఇంగ్లీషులో ఒకటి రాసుకున్నాను, అర్థం ఇదీ:

"మేడమ్, మీరు క్షేమమని తలుస్తాను. ఇన్ని రోజులు ఫోన్ ఎత్తనందుకు చాలా చాలా సారీ. మా నాన్నగారికి రెండు కిడ్నీలూ పనిచేయవు, క్రియాటినిన్ 8 దాటింది, పోయిన నెల ఒకసారి ఐసీయూలో కూడా పెట్టాం. అమ్మకీ ఒంట్లో బాగుండదు. ఇంట్లోవాళ్ళు పంపడానికి ఒప్పుకోవడం లేదు. ఈ పరిస్థితిలో ఇప్పుడే రావడం కష్టంగా ఉంది. ఆరు నెలల తర్వాత చూద్దామా మేడమ్? నన్ను తప్పుగా అనుకోకండి. సారీ."

ఇది పంపొచ్చా?
— కె., కాకినాడ

సమాధానం:

పంపొద్దమ్మా. ఇది పంపితే మీరు వద్దన్నట్టు ఆవిడకి తెలియదు.

నేను పన్నెండేళ్ళు హైదరాబాద్‌లో నర్సుల్ని బయటి దేశాలకి పంపే ఆఫీసులో పనిచేశాను. ఇలాంటి మెయిళ్ళు వచ్చినప్పుడు చదివేది నేనే, చదివి ఇంగ్లండ్ ఆస్పత్రివాళ్ళకి ఏం చెప్పాలో తేల్చేదీ నేనే. మీ మెయిల్ నా టేబుల్ మీదికి వచ్చి ఉంటే దాని పక్కన ఏం రాసేదాన్నో చెప్తాను: "అమ్మాయికి ఇష్టమే, ఇంట్లో ఒప్పించాలి, జాయినింగ్ ఆరు నెలలు వాయిదా అడగాలి." అంతే. ఆ తర్వాత మీ ఇంటికి ఫోన్ చేసేదాన్ని. నిజంగా చేసేవాళ్ళం. ఎవరైనా "ఇంట్లో ఒప్పుకోవడం లేదు" అని రాస్తే అది మాకు కాదన్న జవాబులా కనిపించేది కాదు, మాట్లాడి తీర్చాల్సిన పనిలా కనిపించేది. అమ్మానాన్నల నంబరు బయోడేటాలోనే ఉంటుంది కదా, ఆ నంబరుకి ఫోన్ చేసి "మీ అమ్మాయికి ఎంత మంచి అవకాశమో తెలుసా అండీ, మీరు కాస్త ధైర్యం చేయాలి" అని మొదలుపెట్టేవాళ్ళం. డయాలసిస్ నుంచి వచ్చి పడుకున్న మీ నాన్నగారు ఆ ఫోన్ ఎత్తితే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. తన వల్లే కూతురి బతుకు ఆగిపోయిందని ఆయన ఎవరో పరాయి మనిషి నోటి నుంచి వింటారు.

అందుకే ముందు ఆ వాక్యం తీసేయండి. ఇంట్లోవాళ్ళు పంపడం లేదన్నది నిజం కూడా కాదు, వెళ్ళకూడదని నిర్ణయించుకున్నది మీరు. మనవైపు ఎవరికైనా నేరుగా కాదని చెప్పడం మొరటుగా ఉంటుందని అలవాటుగా ఆ భారం పెద్దవాళ్ళ మీద పెడతాం, పెళ్ళిచూపుల దగ్గర్నుంచీ అంతే. "చూద్దాం", "కనుక్కుని చెప్తాను" అంటే అవతలివాళ్ళు అర్థం చేసుకుంటారు. లండన్‌లో కూర్చున్న ఆవిడ అర్థం చేసుకోదు, ఆ మాటని ఉన్నదున్నట్టే తీసుకుంటుంది. ఆరు నెలల తర్వాత చూద్దామా అంటే ఆరు నెలల తర్వాతి తేదీ క్యాలెండర్‌లో రాసుకుంటుంది.

ఈ ఆరు నెలల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీకు అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. మీరు నర్సు, డయాలసిస్ గురించి మీకు నేను చెప్పేదేముంది. వారానికి మూడుసార్లు, వెళ్ళినప్పుడల్లా నాలుగు గంటలు మిషన్ మీద, దిగాక బీపీ పడిపోయి కళ్ళు తిరిగితే పట్టుకోవడానికి ఒక మనిషి. ఇది ఆరు నెలల్లో అయిపోయేది కాదు. అదే అమ్మగారి మోకాలి ఆపరేషన్ ఒక్కటే కారణమైతే నేను వేరేలా చెప్పేదాన్ని. ఆపరేషన్ ఫలానా నెలలో, ఫిజియోథెరపీ ఇన్ని వారాలు, ఆ తర్వాత ఆవిడ తన పని తాను చేసుకోగలదు అని లెక్క ఉంటే వాయిదా అడగడం న్యాయమే, ఆస్పత్రులు చాలాసార్లు ఇస్తాయి కూడా. అంటే మీ కారణానికి ఒక తేదీ దగ్గర ముగింపు ఉంటేనే వాయిదా అడగాలి. మీ నాన్నగారి విషయంలో ముగింపు అంటే ఏమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆరు నెలలు అని రాస్తే, మీకు తెలియకుండానే ఆ రోజు కోసం లెక్కపెడుతున్నట్టు అవుతుంది. మీరు అలాంటివాళ్ళు కాదని మీ ఉత్తరం చదివితేనే అర్థమవుతోంది. కానీ ప్రతి రెండు నెలలకీ "ఇప్పుడు నాన్నగారికి ఎలా ఉంది?" అని ఆవిడ మెయిల్ పెడుతుంటే మాత్రం ఆ ప్రశ్నని మీరు భరించలేరు.

మా ఆఫీసులో ఒకమ్మాయి ఇలాగే చేసింది. ఒంగోలు వైపు అమ్మాయి, తండ్రికి పక్షవాతం. "ఇప్పుడే కాదు" అని రాసింది. మేము ఆస్పత్రితో మాట్లాడి ఆమెని మార్చి నెల బ్యాచ్ నుంచి జులైకి మార్చాం. జులై వచ్చేసరికి మళ్ళీ అదే మాట, అక్టోబర్‌కి మార్చాం. అక్టోబర్‌లో ఆమె ఫోన్ ఎత్తడం మానేసింది. ఆ ఏడు నెలల్లో ఆమె ఒక్క రోజు కూడా ప్రశాంతంగా లేదని తర్వాత ఆమె చెల్లెలు నాతో చెప్పింది. ప్రతి ఫోన్‌కీ ఒక టెన్షన్, ప్రతిసారీ తండ్రి ముందు గొంతు తగ్గించి మాట్లాడటం. మొదటిసారే కాదని రాసి ఉంటే మేము ఒక రోజు బాధపడి ఊరుకునేవాళ్ళం.

ఆస్పత్రి వైపు ఏం జరుగుతుందో కూడా మీకు తెలిస్తే భయం కొంత తగ్గుతుంది. మీ చేతిలో ఉన్నది షరతులతో కూడిన ఆఫర్. మీరు సంతకం పెట్టాక వాళ్ళు రిఫరెన్సులు తెప్పించుకుంటారు, పోలీస్ క్లియరెన్స్, ఆరోగ్య పరీక్షలు చూస్తారు, అన్నీ సరిపోయాక సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ ఇస్తారు. దానికి ఆస్పత్రే ప్రభుత్వానికి ఫీజు కడుతుంది, ఇచ్చిన తేదీ నుంచి మూడు నెలల్లోపు మీరు వీసాకి దరఖాస్తు పెట్టాలి. పైగా నర్సుల్ని ఒక్కొక్కళ్ళని కాకుండా బ్యాచ్‌గా తీసుకుంటారు, అక్కడికి వెళ్ళాక పాస్ కావాల్సిన ఆస్కీ అనే ప్రాక్టికల్ పరీక్షకి ఆ బ్యాచ్ మొత్తానికీ కలిపి శిక్షణ ఇస్తారు, ఉండటానికి గదులు కూడా ఆ లెక్కనే తీసుకుంటారు. మీరు స్పాన్సర్‌షిప్ రాకముందే వద్దంటే ఆ సీటు వెయిటింగ్‌లో ఉన్న ఇంకో అమ్మాయికి వెళ్తుంది. టికెట్ బుక్ అయ్యాక వద్దంటే ఆ సీటు ఖాళీగా పోతుంది. అంటే ఈ వారం మీరు కాదనడం వల్ల ఎవరికీ పెద్ద నష్టం లేదు. మీ వల్ల ఆవిడకి నష్టమేదైనా జరుగుతోందంటే అది ఈ నాలుగు రోజులు ఫోన్ ఎత్తకపోవడం వల్లే. ఇది తిట్టడానికి చెప్పట్లేదు, ఇవాళే రాయడానికి కారణంగా చెప్తున్నాను.

మెయిల్ ఇలా ఉంటే చాలు. తెలుగులో రాస్తున్నాను, మీరు ఇంగ్లీషులో ఇంతే పొట్టిగా రాయండి:

"మేడమ్, నాకు వచ్చిన స్టాఫ్ నర్స్ ఉద్యోగాన్ని నేను తీసుకోవడం లేదు. ఇది బాగా ఆలోచించి నేను తీసుకున్న తుది నిర్ణయం. మా నాన్నగారు దీర్ఘకాలంగా చికిత్సలో ఉన్నారు, అమ్మా నాన్నలని చూసుకోవడానికి నేను ఇక్కడే ఉండాలి. ఇది కొన్ని నెలల్లో మారే పరిస్థితి కాదు కాబట్టి జాయినింగ్ తేదీ వాయిదా వేయమని అడగడం లేదు. నా స్థానం ఇంకొకరికి ఇవ్వమని ఆస్పత్రికి దయచేసి తెలియజేయండి.

నాలుగు రోజులుగా మీ ఫోన్ ఎత్తలేదు, క్షమించండి. ఈ మాట ఎలా చెప్పాలో తెలియక అలా చేశాను. ఇంటర్వ్యూకి ముందు రెండు ఆదివారాలు నాతో కూర్చుని ప్రాక్టీస్ చేయించారు, అది నాకు గుర్తుంటుంది.

మీ సంస్థ కట్టిన పరీక్ష ఫీజు ఒప్పందం ప్రకారం నేను తిరిగి ఇవ్వాల్సి ఉంటే రసీదుతో పాటు మొత్తం తెలియజేయండి. హైదరాబాద్ ఆఫీసులో ఉన్న నా ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకోవడానికి ఏ రోజు రావచ్చో చెప్పండి. ఈ మెయిల్ అందినట్టు ఒక మాట రాయగలరు."

ఇందులో రెండు ఆదివారాల ముక్క నేను కల్పించింది. దాని బదులు ఆవిడ మీకు నిజంగా చేసిన ఒక సాయం పెట్టండి. ఒక్కటి చాలు, కానీ అది ఆవిడకీ గుర్తుండేదై ఉండాలి. "మీ సపోర్ట్‌కి థాంక్స్" అని ప్రతివాళ్ళూ రాస్తారు, చదివేవాళ్ళ కన్ను దాని మీద ఆగదు. నాకు పన్నెండేళ్ళలో గుర్తున్నవి రెండో మూడో మెయిళ్ళు, అవన్నీ నేను చేసిన ఒక చిన్న పనిని పేరు పెట్టి చెప్పినవే.

కాదన్న మాట మొదటి వాక్యంలో ఎందుకంటే, ఆవిడ ఫోన్‌లో నోటిఫికేషన్ చూసినప్పుడు కనిపించేది ఆ వాక్యమే. మీరు ముందు క్షేమ సమాచారం, తర్వాత క్షమాపణ, తర్వాత నాన్నగారి రిపోర్టులు పెట్టి ఆఖర్న అసలు సంగతి పెట్టారు. చదివేవాళ్ళు అక్కడికి వచ్చేలోపే మీకు ఎలా సర్దిచెప్పాలో ఆలోచించడం మొదలుపెడతారు. ఇంగ్లీషులో రాసేటప్పుడు "ఎట్ దిస్ టైమ్", "ఫర్ నౌ", "ఐ యామ్ నాట్ షూర్" అనే మాటలు ఎక్కడైనా దొర్లాయేమో వెతికి తీసేయండి. మనం వినయంగా ఉంటుందని పెట్టే ఆ మాటలకి అక్కడ అర్థం "ఇంకొంచెం అడిగితే ఒప్పుకుంటాను" అని. "డిక్లైన్" అన్న మాట వాడటానికి భయపడకండి. మనకి గట్టిగా వినిపిస్తుంది గానీ వాళ్ళకి అది రోజూ వాడే మామూలు మాట.

క్రియాటినిన్, ఐసీయూ ఇవేవీ రాయొద్దు. వివరాలు ఎక్కువ ఇస్తే నమ్ముతారని మనకి అనిపిస్తుంది. ఆవిడకి రుజువు అక్కర్లేదు, అడిగే హక్కు కూడా లేదు. వివరం ఎక్కువైతే ఇంకో ఇబ్బంది, ప్రతి వివరానికీ ఒక పరిష్కారం తిరిగి వస్తుంది. డయాలసిస్ అంటే "హోమ్ నర్సుని పెట్టొచ్చు కదా", మోకాళ్ళు అంటే "అన్నయ్య దగ్గర ఉంచొచ్చు కదా". మీ ఇంటి సంగతి ఆవిడతో చర్చకి పెట్టాల్సిన పని లేదు. దీర్ఘకాలం చికిత్స అన్న మాటలోనే చెప్పాల్సింది అంతా ఉంది.

ఎప్పుడు పంపాలి అంటే, ఇక్కడ మధ్యాహ్నం రెండు గంటలకి. అప్పుడు అక్కడ చలికాలమైతే ఎనిమిదిన్నర, వేసవైతే తొమ్మిదిన్నర అవుతుంది. ఆవిడ ఆఫీసు మొదలవగానే చూసి అదే రోజు ఆస్పత్రికి చెప్పగలుగుతుంది. మంగళవారమో గురువారమో పంపండి, నాన్నగారి డయాలసిస్ రోజుల్లో వద్దు. ఎందుకంటే మెయిల్ చూసిన అరగంటలో ఆవిడ ఫోన్ చేస్తుంది, ఆ ఫోన్ మీరు ఎత్తాలి. సబ్జెక్ట్ గడిలో మీ పేరు, వాళ్ళు మీకిచ్చిన క్యాండిడేట్ నంబరు, ఆఫర్ తీసుకోవడం లేదన్న మాట, ఈ మూడూ ఉంటే మెయిల్ వాళ్ళ దగ్గర ఎవరి చేతికి వెళ్ళినా అర్థమవుతుంది. వాట్సాప్‌లో మాత్రమే చెప్పి వదిలేయొద్దు. మెయిల్ పంపాక "మెయిల్ పెట్టాను మేడమ్, చూడండి" అని వాట్సాప్‌లో ఒక్క లైను చాలు.

ఇంకో సంగతి బయటివాళ్ళకి తెలియదు. ఆఫర్ లెటర్ మీకు ఏజెన్సీ నుంచి కాకుండా ఆస్పత్రి నియామకాల పోర్టల్ నుంచి నేరుగా మెయిల్‌లో వచ్చి ఉంటే, లాగిన్ అయి అక్కడ కూడా వద్దని నమోదు చేయండి. కొంతమంది రిక్రూటర్లు మీ మనసు మారుతుందేమోనని వారం, పది రోజులు ఆస్పత్రికి చెప్పకుండా ఆపుకుంటారు. నేనూ ఆపాను, చెప్పకపోతే తప్పవుతుంది. ఆ పది రోజులూ ఆస్పత్రి మీ పేరు మీద కాగితాలు నడుపుతూనే ఉంటుంది.

ఇక ఫోన్ వస్తుంది. మూడు మాటలు వస్తాయి, దాదాపు ఇదే వరసలో. మొదటిది వాయిదా. "ఆస్పత్రితో మాట్లాడతాను, మూడు నెలలు ఆపుతారు" అంటుంది. దానికి మీ జవాబు మెయిల్‌లోనే ఉంది, అదే మళ్ళీ చెప్పండి: "తేదీ మారినా నా కారణం మారదు మేడమ్."

రెండోది, అమ్మానాన్నల్ని కూడా తెచ్చుకోవచ్చు కదా అని. ఇక్కడ మీరు మెత్తబడతారేమోనని నాకు భయం, అందుకే కొంచెం ఎక్కువ చెప్తున్నాను. నర్సు వీసా మీద భర్తనీ పిల్లల్నీ తీసుకెళ్ళొచ్చు, తల్లిదండ్రుల్ని డిపెండెంట్లుగా తీసుకెళ్ళడానికి వీల్లేదు. పెద్దవాళ్ళ కోసం బ్రిటన్‌లో వేరే దారి ఒకటి ఉంది గానీ, 2012 జులైలో ఆ నిబంధనలు బాగా బిగించారు. అక్కడ ఉన్న పిల్లలు బ్రిటిష్ పౌరులో, శాశ్వత నివాసం వచ్చినవాళ్ళో అయి ఉండాలి, మామూలు వర్క్ వీసా మీద ఉన్నవాళ్ళకి ఆ దారి లేదు. ఆ అర్హత ఉన్నా, తల్లిదండ్రులకి రోజువారీ పనులకే ఇంకొకరి సాయం కావాలని, ఆ సాయం సొంత దేశంలో డబ్బు పెట్టినా దొరకదని నిరూపించాలి. కాకినాడలో డయాలసిస్ సెంటర్ ఉండగా మీరు ఆ మాట నిరూపించలేరు. విజిటర్ వీసా మీద వస్తే మామూలుగా ఒకసారికి ఆరు నెలలే, పైగా అలా వచ్చినవాళ్ళకి అక్కడి ప్రభుత్వ ఆస్పత్రిలో డయాలసిస్ ఉచితం కాదు, మామూలు ధరకి ఒకటిన్నర రెట్లు కట్టాలి, వారానికి మూడుసార్లు. రిక్రూటర్ అబద్ధం చెప్తోందని నేను అనట్లేదు. ఆవిడ పని ఉద్యోగం వరకే, పెద్దవాళ్ళ వీసా సంగతి ఆవిడకి పెద్దగా తెలియకపోవచ్చు. ఆ మాట అన్నప్పుడు మీకు తెలిసి ఉండాలి, అంతే.

మూడోది డబ్బు. "నెలనెలా పంపితే ఇద్దరు మనుషుల్ని పెట్టొచ్చు" అని. ఇది తప్పు మాటేమీ కాదు, చాలామంది అలాగే చేస్తున్నారు, వాళ్ళ ప్రేమ తక్కువని కాదు. మీరు వేరేలా నిర్ణయించుకున్నారు. వాదించొద్దు. "ఆలోచించాను మేడమ్, నేనే ఉండాలనుకున్నాను" అని ఆగిపోండి. మీరు మాట్లాడకుండా ఉంటే అవతల రెండు సెకన్లు నిశ్శబ్దం వస్తుంది, ఆ నిశ్శబ్దాన్ని నింపడానికి మళ్ళీ సారీ చెప్పడం మొదలుపెట్టకండి. ఫోన్ తర్వాత "ఇప్పుడు మాట్లాడినట్టే నా నిర్ణయం అదే" అని ఒక లైను మెయిల్‌లో జవాబుగా పెట్టండి.

మొహమాటం కొద్దీ మీరు చేసే అవకాశం ఉన్న ఒక పని ఉంది, వద్దు. మీ బదులు మీ స్నేహితురాలి పేరు, నంబరు ఇచ్చి రుణం తీర్చుకోవాలనిపిస్తుంది. ఆ అమ్మాయిని అడగకుండా ఇవ్వకండి.

ఫీజు సంగతి. మీరు ఏడాది క్రితం ఏజెన్సీతో ఒక కాగితం మీద సంతకం పెట్టే ఉంటారు, అది తీసి చదవండి. పరీక్ష ఫీజు వాళ్ళు కడితే, మధ్యలో మానుకున్నవాళ్ళు అది తిరిగివ్వాలని అందులో ఉండొచ్చు. ఉంటే ఇచ్చేయండి, అది న్యాయం. రసీదులో ఎంత ఉందో అంతే. దాని పైన "విత్‌డ్రాయల్ ఛార్జీలు", "సర్వీస్ ఛార్జీలు" అని అడిగితే మాత్రం ఇవ్వాల్సిన పని లేదు. ఉద్యోగం వెతికిపెట్టినందుకు అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోకూడదని బ్రిటన్‌లో 1973 నాటి చట్టం ఉంది, ఏజెన్సీకి ఆస్పత్రే ఇస్తుంది. మన దగ్గర రిజిస్టరైన ఏజెంట్ ఉద్యోగానికి పంపినందుకు తీసుకోగలిగిన గరిష్ఠ రుసుమే 30,000 రూపాయలు, జీఎస్టీ అదనం. మీరు అసలు వెళ్ళనే లేదు. లక్ష కట్టు, రెండు లక్షలు కట్టు అని ఎవరైనా బెదిరిస్తే ఆ మాట మెయిల్‌లో రాసి పంపమనండి. నాకు తెలిసి చాలామంది అక్కడితో ఆగిపోతారు.

సర్టిఫికెట్ల గురించే నాకు ఎక్కువ దిగులుగా ఉంది. జీఎన్ఎమ్మో బీఎస్సీ నర్సింగో, ఏదైనా ఒరిజినల్స్ ఆఫీసులో పెట్టించుకోవడం మన దగ్గర పాత అలవాటు, అభ్యర్థి జారిపోకుండా ఉండటానికే అది. ఒకప్పుడు నేనున్న చోట ఆ బీరువా తాళం నా దగ్గరే ఉండేది. ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనే కదా అని తేలిగ్గా తీసుకోకండి. మెయిల్ పంపే ముందే మీ దగ్గర ఉన్న అక్నాలెడ్జ్‌మెంట్ స్లిప్ ఫోటో తీసి పెట్టుకోండి. స్లిప్ లేకపోతే, ఏయే సర్టిఫికెట్లు ఏ తేదీన ఇచ్చారో గుర్తున్నంత వరకూ జాబితా రాసి ఆ మెయిల్‌లోనే కింద చేర్చండి. అన్నయ్యనో ఇంకెవరినో పంపకుండా మీరే వెళ్ళి తెచ్చుకోండి, డయాలసిస్ లేని రోజు చూసుకుని ముందురోజు రాత్రి బస్సెక్కితే మర్నాటి రాత్రికి ఇంటికి వచ్చేస్తారు. పాస్‌పోర్ట్ కూడా అక్కడే ఉందా లేదా మీరు రాయలేదు. ఉంటే ముందు అది అడగండి. పాస్‌పోర్ట్ ప్రభుత్వం సొత్తు, దాన్ని పట్టి ఉంచే అధికారం ప్రైవేటు ఆఫీసుకి లేదు. ఇవ్వకుండా తిప్పుతుంటే హైదరాబాద్‌లో విదేశీ ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం ఉంది, అక్కడ ఫిర్యాదు ఇవ్వొచ్చు, కేంద్ర ప్రభుత్వ eMigrate పోర్టల్‌లో ఆ ఏజెన్సీ రిజిస్టరై ఉందో లేదో మీరే చూసుకోవచ్చు.

వీటన్నిటి కంటే ముందు ఒక పని ఉంది, అది మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. మెయిల్ పంపకముందే అమ్మానాన్నలకి చెప్పండి. పక్కింటివాళ్ళో, మీ ఆస్పత్రిలో ఎవరో "అమ్మాయి లండన్ ఎప్పుడు వెళ్తోంది?" అని అడుగుతారు, మీరు వెళ్ళట్లేదన్న సంగతి అమ్మానాన్నలకి అలా బయటివాళ్ళ ద్వారా తెలియకూడదు. "మీ కోసం మానేశాను" అని చెప్పొద్దు. నాన్నగారు ఆ మాట డయాలసిస్ కుర్చీలో కూర్చున్న ప్రతిసారీ తలుచుకుంటారు. "నాకు ఇక్కడే ఉండాలనుంది నాన్నా, నేను ఆలోచించుకునే వద్దన్నాను" అనండి. ఆయన వెళ్ళమని అంటారు, బహుశా కోప్పడతారు కూడా. కోప్పడనివ్వండి. ఆయనతో మాట్లాడేటప్పుడు మాత్రం పొట్టిగా చెప్పాల్సిన పని లేదు, ఎంతసేపైనా కూర్చోండి.

మీ ఇంగ్లీషు పరీక్ష స్కోరు రాసిన తేదీ నుంచి రెండేళ్ళే చెల్లుతుంది, ఆ తేదీ ఎక్కడైనా రాసి పెట్టుకోండి. ఎప్పుడైనా మళ్ళీ వెళ్ళాలనిపిస్తే ఆవిడకి మీరే రాయొచ్చు. అది ఇప్పటి మెయిల్‌లో చెప్పక్కర్లేదు. నిజాయితీగా వద్దన్న నర్సు మూడేళ్ళ తర్వాత మెయిల్ పెడితే మేము సంతోషంగానే జవాబిచ్చేవాళ్ళం, ఫోన్ ఎత్తడం మానేసినవాళ్ళ పేరు పక్కన మాత్రం ఎర్ర గుర్తు ఉండేది. మీరింకా ఆ రెండో జాబితాలోకి వెళ్ళలేదు, నాలుగు రోజులే కదా అయింది.

సర్టిఫికెట్లు చేతికి వచ్చాక నాకు ఒక లైను రాయండి. పది రోజుల్లో రాకపోయినా రాయండి, వాళ్ళకి పంపాల్సిన రెండో మెయిల్ నేను రాసిస్తాను.